జీతం లేని కొలువు

జీతమిచ్చి పెట్టుకున్న మనిషి పనికి రాకపోతే జీతం కోస్తాం. అసలు జీతమే ఇవ్వని మనిషి రాకపోతే ఏం కోస్తాం? ఈ ప్రశ్న మాకు ముందుగా తట్టి ఉంటే బాగుండేది. తట్టేటప్పటికి మా ఆదివారపు తెలుగు బడి ముప్పాతిక వంతు మూతపడింది.

మేముండేది కోయంబత్తూరు. మా తాత ముత్తాతల నాటినుంచీ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. చదువుకు, లెక్కకు, పేరు రాసుకోవడానికి తమిళమే. మాట ఉన్నది గాని రాత పోయింది. అదివరకు అక్కడక్కడ బడిలో తెలుగు చదువుకునే వీలుండేది. 2006లో వచ్చిన చట్టంతో ఆ యేటి ఒకటో తరగతి మొదలుకొని ఏడాదికొక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి పాఠమైంది. ఉన్న ఊరి భాష పిల్లలకు రావలసిందే, అందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. కాని మన అక్షరాలు నేర్పే పని ఇక మనదేనని తేలిపోయింది. అంచేత 2022 జూన్‌లో, కరోనా గొడవ సద్దుమణిగిన తరవాత, కల్యాణ మండపం పక్కనున్న రెండు గదుల్లో ఆదివారం పది నుంచి పన్నెండు దాకా బడి పెట్టాం. పెద్దరికం మా నెత్తిన పడింది.

మొదటి సమావేశానికి మంచి కాఫీ ఇచ్చాం. కాఫీ మహిమో, భాష మహిమో తెలియదు, పద్ధెనిమిదిమంది చేతులెత్తారు. ఎత్తిన చెయ్యి దిగకముందే కాగితంమీద పేర్లు రాసుకున్నాం. "ప్రతి ఆదివారమూ వస్తారు గదా?" అన్నాం. "ఓ" అన్నారు. పిల్లలు ముప్పైమంది. ఒక్కొక్కప్పుడు పలకకంటె బలపాలెక్కువ అన్నట్టుగా ఉండేది. మేము మీసం మెలేశాం.

వినాయక చవితికి పద్ధెనిమిదిమంది పన్నెండుమందయ్యారు. దీపావళికి ఎనిమిదిమంది. అప్పుడు మా లెక్కల పెద్దమనిషికి ఒక ఆలోచన వచ్చింది. రానివారు వారానికి యాభై రూపాయలు కట్టాలి, ఆ సొమ్ముతో పిల్లలకు పలకలు కొనాలి. ఎవరికీ నష్టం లేదు, పైగా పుణ్యం. మేము సంతోషించి, గోడమీద పంతుళ్ల హాజరు పట్టీ అంటించాం. రానివారి పేరుకెదురుగా ఎర్ర సిరాతో సున్న.

ఏం జరిగిందంటే, చేతిలో డబ్బున్నవారు యాభై కట్టి హాయిగా ఇంట్లో ఉండిపోయారు. ఒకాయన నాలుగు వారాలకు రెండువందలు ముందుగానే పంపించారు! అంతకుముందు రాకపోతే ఆయన మనసులో కొంచెం పీకుడు ఉండేది. యాభై రూపాయలకు ఆ పీకుడు తీరిపోయింది. యాభై బరువయ్యేవారు సున్నలు చూసి సిగ్గుపడి అసలే మానేశారు. తప్పు తెలుసుకుని రెండు నెలలకు జరిమానా తీసేశాం. అయినా పోయినవారు తిరిగి రాలేదు. సంక్రాంతి నాటికి మిగిలినవారు నలుగురు. అందులో మేమొకరం, మా ఇంటావిడ ఒకరు.

ఇది మాకొక్కరికే జరిగిన వింత కాదని తరవాత తెలిసింది. ఇస్రాయేలు దేశంలో హైఫా అనే నగరంలో పది శిశు సంరక్షణ కేంద్రాలను ఉరీ గ్నీజీ, ఆల్దో రుస్తికీనీ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు గమనించి, 2000లో ఆ సంగతి ప్రకటించారు. సాయంత్రం పిల్లల్ని తీసుకుపోవడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు ఆరు కేంద్రాలలో జరిమానా పెట్టారట. ఆలస్యం తగ్గకపోగా దాదాపు రెట్టింపయింది. జరిమానా ఎత్తివేసినా తగ్గలేదు. మొహమాటానికి ఒకసారి ధర కట్టాక, ఆ ధర తీసేసినా మొహమాటం తిరిగి రాదన్నమాట. హైఫావారు శాస్త్రం కోసం నేర్చుకున్నది మేము పలకల కోసం నేర్చుకున్నాం.

2023 ఫిబ్రవరిలో ఒక నిశ్చయానికొచ్చాం. బడి మూయాలంటే ముయ్యవచ్చు. కాని ముయ్యబోయేముందు మానేసినవారి ఇళ్లకు వెళ్లి ఎందుకు మానేశారో అడగాలి. రమ్మని అడగకూడదు. ఈ రెండో షరతు మా ఇంటావిడది. "మీరు రమ్మంటే వాళ్లు కారణం చెప్పరు, సాకు చెబుతారు" అన్నది. ఆ మాట నూటికి నూరుపాళ్లూ నిజమైంది.

మొదట వెళ్లింది మోటారు పంపుల కార్ఖానాలో పనిచేసే కుర్రవాడింటికి. బద్ధకస్తుడని మా అభిప్రాయం. "మామా, నాకు ఏ షిఫ్టో శనివారం సాయంత్రం గాని తెలియదు. రాత్రి షిఫ్టయితే ఆదివారం పొద్దున ఎనిమిదికి ఇంటికొస్తాను. వస్తానని చెప్పి రాకపోవడంకంటె, రానని చెప్పడమే మర్యాద అనుకున్నాను" అన్నాడు. బద్ధకమనుకున్నది మాట తప్పకూడదన్న పట్టుదల! "మరి గంటతో పని లేనిదేదైనా ఉంటే?" అన్నాం. వారం తిరక్కుండా అట్టముక్కలమీద యాభై ఆరక్షరాలూ రంగుల్లో రాసి, చింపినా చిరగకుండా అంటుకాగితం వేసి పట్టుకొచ్చాడు. పిల్లలు అరగదీసినప్పుడల్లా కొత్తవి చేస్తున్నాడు. అతను బడి గుమ్మం తొక్కింది తక్కువే. అయినా అతని చెయ్యి పడని పాఠం లేదు.

రెండో ఇంట్లో ఒక కోడలుపిల్ల. తెలుగు గలగల మాట్లాడుతుంది, కథ చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. మూడు వారాలొచ్చి మానేసింది. చాలాసేపు పిల్లలకు ఒంట్లో బాగుండలేదంది, బంధువులొచ్చారంది. లేచి వచ్చేస్తుంటే గుమ్మం దగ్గర మా ఇంటావిడతో నెమ్మదిగా చెప్పింది: "అక్కా, నాకు చదవను రాదు. నేను తమిళంలో చదువుకున్నదాన్ని. నాచేతికి వాచకం ఇచ్చి గుణింతం చెప్పమన్నారు." ఆమెకేది వచ్చునో అడక్కుండా, మాకేది కావాలో అది అంటగట్టాం. మూడు వారాలు ఆ పిల్ల ఎంత నలిగిపోయిందో! మర్యాద అంటే నమస్కారం పెట్టడం ఒక్కటే కాదు, మనిషికి చాతనైన పని చేతికివ్వడం కూడా అని ఆ గుమ్మంలో తెలిసింది. ఆమెకు కథలు అప్పగించాం. పిల్లల వెనక కూచుని తానూ అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టింది. అది మేము చెప్పలేదు.

మూడో ఇల్లు అయ్యవారిది. అక్కడికి వెళ్లడానికి రెండు ఆదివారాలు వాయిదా వేశాం. ఎందుకంటే అక్కడ దోషులం మేమే.

ఆయన ముప్పై ఏళ్లకుపైగా బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఒకనాడు పిల్లలతో "ఆడ కూచో, ఈడ రాయి" అంటున్నారు. మా దక్షిణాది ఇళ్లల్లో తరతరాల మాట అది. మేము పక్కనుంచి పోతూ, "ఆడ కాదండీ, అక్కడ అనాలి. పిల్లలకు మంచి తెలుగు రావాలి గదా" అన్నాం. పిల్లలు నవ్వారు. ఆయన కూడా నవ్వారు. మరుసటి వారంనుంచి రాలేదు. మేము మోకాళ్ల నొప్పులనుకున్నాం. అలా అనుకోవడం మాకు సుఖంగా ఉండేది.

వెళ్లి కూచున్నాం. ఊరి సంగతులన్నీ అయినై. చివరకు, "అయ్యవారూ, ఆనాడు మేము నోరు జారాం" అన్నాం. ఆయన కండువాతో కళ్లద్దాలు తుడుచుకుని, "తప్పు చెప్పినానని కాదు నాయనా. పిల్లోళ్ల ముందర చెప్పినారే, అది" అన్నారు. కాసేపాగి, "ఆ మాట మా అమ్మది" అన్నారు. మాకు నోట మాట రాలేదు. అమ్మ భాష నిలబెడతామని బడి పెట్టి, ఒకరి అమ్మ మాటనే పిల్లలచేత నవ్వించాం! మేము క్షమించమన్నాం. వస్తానని గాని రానని గాని ఆయన అనలేదు. మేమూ అడగలేదు.

ఇలా పద్నాలుగు ఇళ్లు తిరిగేసరికి ఒక సంగతి తేలింది. తెలుగుమీద ప్రేమ తగ్గి మానేసినవారు ఒక్కరూ లేరు. మేము పని అడిగిన తీరు వారి బతుకులకు సరిపడలేదు. "ప్రతి ఆదివారమూ" అన్నాం. అంతెక్కడని చెప్పలేదు. తైమాసంలో పెళ్లిళ్లు, మార్చిలో పరీక్షలు, పండుగలకు ప్రయాణాలు. ఇవన్నీ ఉన్న మనిషి అంతులేని ఒప్పందం నిలబెట్టుకోలేడు. ఒకసారి తప్పాక, ముఖం చూపించలేక రెండోసారి తప్పుతాడు. మూడోసారికి మానేస్తాడు.

అంచేత అడిగే తీరు మార్చాం. జూన్‌నుంచి పన్నెండు వారాలు ఒక విడత అన్నాం. విడత అయిపోగానే అందరికీ సెలవు. మళ్లీ వస్తామన్నవారే వస్తారు, రానివారిని ఎందుకని అడగం. "పన్నెండు వారాల్లో మీరు ఎన్ని వారాలు రాగలరు?" అని ప్రశ్న. తొమ్మిదిమంది ముందుకొచ్చారు. మనిషికి ఆరు వారాలు సుఖమన్నారు. అంటే మొత్తం యాభై నాలుగు వంతులు.

ఇక్కడ కాగితం, పెన్సిలు పట్టుకోవలసి వచ్చింది. బడిలో మూడు జట్లు: అక్షరాలవారు, గుణింతాలవారు, చదివేవారు. జట్టుకు ఇద్దరు పెద్దలుండాలి. ఇద్దరెందుకంటే, ఒకరు రాకపోయినా పాఠం నడుస్తుంది. పైగా పిల్లల దగ్గర పెద్దవారొక్కరే ఉండకూడదన్నది మా కట్టుబాటు. మూడు జట్లు, ఇద్దరేసి, పన్నెండు వారాలు అంటే డెబ్బై రెండు వంతులు. మాకున్నవి యాభై నాలుగు. పద్ధెనిమిది తక్కువ.

పాత మేమయితే ఏం చేసి ఉందుం? "ఇంకో రెండు వారాలు సర్దుకోండి" అని ఆ తొమ్మిదిమంది మెడమీదే పెట్టి ఉందుం. వారు మొహమాటానికి సరేనందురు. ఆగస్టుకల్లా ఆరుగురయ్యుందురు. ఈసారి మనుషుల్ని సాగదీయలేదు, పనిని కుదించాం. అక్షరాలవారినీ గుణింతాలవారినీ కలిపి రెండే జట్లు చేశాం. నలభై ఎనిమిది వంతులు సరిపోయినై. ఆరు మిగిలినై. ఆ ఆరూ జ్వరాలకు, పెళ్లిళ్లకు. పిల్లల తల్లులు కొందరు గొణిగారు, "రెండు జట్లయితే చదువు నెమ్మదిస్తుంది గదా" అని. నెమ్మదించింది, నిజమే. కాని పన్నెండో వారందాకా బడి తలుపు తెరుచుకుంది.

రాలేని రోజున ఏం చేయాలన్నది కూడా ముందే తేల్చుకున్నాం. రానివారు మాకు చెప్పనక్కరలేదు, తమ జంటవారికి చెబితే చాలు. కారణం చెప్పనక్కరలేదు. శుక్రవారం సాయంత్రంలోగా చెబితే మరొకరితో వంతు మార్చుకోవచ్చు. ఆ తరవాతయితే మిగులు వంతులవారు వస్తారు. ఎవరూ దొరక్కపోతే రెండు జట్లూ ఒక గదిలో కూచుంటారు. గదిలో ఒక రేకుపెట్టె ఉన్నది. అందులో కుర్రవాడు చేసిన అట్టముక్కలు, ఆట చెప్పే కాగితం ఒకటి. ఎవరైనా తెరిచి, చదువుకుని, రెండు గంటలు ఆడించవచ్చు. ఆ పెట్టె ఉందన్న ధైర్యమే చాలు. విడతంతటిలో దాన్ని తెరిచింది రెండుసార్లు. "రాకపోతే కొంపలంటుకుంటాయి" అన్న భయం లేకపోతే మనిషి ఇంకా ఎక్కువే వస్తాడని మాకప్పుడు తెలిసింది.

అయితే వెసులుబాటు అన్నిటికీ కాదు. ఇద్దరు పెద్దలుండాలన్నది, తలుపు తీసి ఉండాలన్నది, పిల్లలమీద చెయ్యి చేసుకోకూడదన్నది ఎవరికోసమూ సడలించలేదు. ఒకాయన ఒక పిల్లవాడి చెవి మెలిపెట్టారు. ఊరికి పెద్దమనిషి, చందా కూడా పెద్దదే. బడి విడిచాక ఒంటరిగా కూచోబెట్టి, ఇక్కడ అది కుదరదని చెప్పాం. లెక్కలు చూస్తారా అన్నాం. చూడనన్నారు, వెళ్లిపోయారు. చందా కూడా పోయింది. అయ్యవారి విషయంలో నేర్చుకున్నదే ఇక్కడా పనికొచ్చింది. తప్పు చెప్పక తప్పనప్పుడు నలుగురిలో చెప్పకూడదు, నాలుగు గోడల మధ్య చెప్పాలి.

ఇక, వచ్చేవాడికి ఎందుకొస్తున్నామో గుర్తుండటం ఎలాగ? మొదటి ఏడు మేము ఉపన్యాసాలిచ్చేవాళ్లం. భాష, సంస్కృతి, పూర్వీకులు. అందరూ తలలూపేవారు. రెండో ఏడు ఉపన్యాసం మాని ఒక నోటు పుస్తకం పెట్టాం. పాఠం కాగానే ప్రతి జంటా ఒక్క వాక్యం రాయాలి: ఈ వేళ ఎవరికి ఏది వచ్చింది? అంతే.

ఒక పిల్లవాడి సంగతి ఆ పుస్తకంలో వారాలతరబడి నడిచింది. వాడు "గుడికి వెళ్లాను" అని రాయమంటే "కుడికి వెళ్లాను" అని రాస్తాడు. "గోడ" అంటే "కోడ". వాడిది తెలివితక్కువ కాదు. తమిళంలో ఈ రెండు ధ్వనులకూ ఒకే అక్షరం. చోటునుబట్టి పలుకు మారుతుంది గాని రాత మారదు. బడిలో అది నేర్చిన చెయ్యి, ఇక్కడ రెండు అక్షరాలెందుకో తెలియక తికమక పడుతుంది. మొదటి వారం పుస్తకంలో, "క, గ తేడా తెలియలేదు" అని ఉన్నది. మూడో వారం, "వింటే తెలుస్తున్నది, రాస్తే పోతున్నది." అయిదో వారం మరొకరి దస్తూరి: "గొంతుమీద వేలు పెట్టి పలికించాను. గ అన్నప్పుడు మొదటినుంచీ అదురుతుందని వాడే కనిపెట్టాడు." ఏడో వారం: "గుడి. గోడ. గంప. మూడూ సరిగ్గా రాశాడు."

ఆ అయిదో వారపు దస్తూరి అయ్యవారిది. ఆయన నాలుగో వారం చెప్పాపెట్టకుండా వచ్చి వెనక బల్లమీద కూచున్నారు. మేము చూసీ చూడనట్టు ఊరుకున్నాం. పుస్తకం తిరగేసి, ఆ కుర్రవాడెవరని అడిగారట. తమిళంలో పాఠం చెప్పి చెప్పి ఉన్న మనిషి గనక, తికమక ఎక్కడుందో ఆయనకే బోధపడింది. ఉపన్యాసానికి రాని మనిషిని ఆ పుస్తకంలో రెండు వాక్యాలు పట్టి కూచోబెట్టినై. ఆ ఏడో వారం కుర్రవాడు మూడు మాటలూ రాసినప్పుడు ఆయన, "ఆడ చూడండి, ఆడ చూడండి" అని అందరినీ పిలిచారు. "ఆడ" అన్న మాట అంత తియ్యగా మాకెప్పుడూ వినిపించలేదు.

అంతా సుఖంగా గడిచిందంటే అబద్ధం. ఒక తప్పు రెండో ఏడు కూడా చేశాం. ఒకావిడ ఏ పని చెప్పినా కాదనేది కాదు. ఆరు వారాలన్న మనిషి పన్నెండు వారాలూ వచ్చింది. పిల్లలకు సుండల్ చేసి తెచ్చింది, గది ఊడ్చింది, తాళాలు కూడా ఆమె దగ్గరే. మేము మురిసిపోయాం. తరవాతి విడతకు ఆమె రాలేదు. కబురు కూడా లేదు. వెనక్కు తిరిగి చూసుకుంటే గురుతులన్నీ కళ్లముందే ఉన్నై. మొదట్లో పిల్లల కబుర్లు తెగ చెప్పేది, చివర్లో చెప్పడం మానేసింది. ఏదడిగినా "మీ ఇష్టం" అనేది. పుస్తకంలో ఆమె రాయవలసిన చోట ఖాళీ. రోజూ వచ్చే మనిషి గనక, ఉన్నదనే అనుకున్నాం. రానివారిమీద పెట్టిన కన్ను, కాదనలేనివారిమీద పెట్టలేదు. ఆమె ఇంటికీ వెళ్లాం. కాఫీ ఇచ్చింది, బాగానే మాట్లాడింది. మళ్లీ మాత్రం రాలేదు. కొన్ని తప్పులు దిద్దుకుంటే అయ్యవారు వస్తారు, కొన్ని దిద్దుకున్నా ఎవరూ రారు.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాం. ఒప్పుకున్న వంతులు దాటి ఎవరైనా వస్తే ధన్యవాదాలు చెప్పి ఇంటికి పంపుతాం. ఈ మాట వింటే కొందరు నవ్వుతారు, "వస్తానన్నవాణ్ణి పొమ్మంటారా?" అని. పొమ్మంటాం, మళ్లీ ఏడు రావాలని.

శాలువాల సంగతి కూడా చెప్పాలి. మొదటి ఏడు వార్షికోత్సవంలో మిగిలిన నలుగురికీ శాలువాలు కప్పాం. మా శాలువా బీరువాలో ఉన్నది. రెండో ఏడు శాలువాలకు బదులు, వచ్చే విడతకు ఏ వేళ పెట్టుకోవాలి, ఏ వాచకం కొనాలి అన్నది తొమ్మిదిమందినీ అడిగి, వారు చెప్పినట్టు చేశాం. పదిగంటలు పదిన్నరయింది. వాచకం మేము వద్దన్నదే కొన్నారు. మాకు కొంచెం చురుక్కుమన్న మాట వాస్తవం. కాని ఆ వాచకం ఎవరు ఎంచుకున్నారో, వారు దాని పాఠాలు ఇంటి దగ్గర చదువుకుని మరీ వస్తున్నారు.

విడతకు అంతుండాలన్న నియమం పెద్దరికానికి మాత్రం ఎందుకుండకూడదని ఈమధ్య మా ఇంటావిడ అడిగింది. జవాబు దొరకలేదు. అందువల్ల కిందటి విడత ఆఖరి ఆదివారం రేకుపెట్టె తాళం ఆ కోడలుపిల్ల చేతికిచ్చాం. ఆమె ఇప్పుడు వాచకం చదువుతుంది, వంతుల పట్టిక తెలుగులోనే రాస్తుంది. మొదటి పట్టికలో మా పేరుకెదురుగా ఎన్ని వారాలని అడిగింది. "ప్రతి ఆదివారమూ" అనబోయి, నాలిక కరుచుకుని, "ఆరు" అన్నాం.

రాసుకున్నది. గుండ్రంగా, ఒక్క తప్పు లేకుండా.